బీరువాకు తాళం ఉంది, జిరాక్స్ బల్ల మీదుంది

రాయదుర్గం మెట్రో స్టేషన్‌లో దిగి ఆఫీసు దాకా నడుస్తూ ఒక ఉద్యోగి ఫోన్‌లో కంపెనీ చాట్‌బాట్‌ని `notice period enni rojulu` అని అడిగాడనుకుందాం. వేరే ఆఫర్ వచ్చి ఉంటుంది, లేదా వచ్చేలా ఉంటుంది. నలభై పేజీల పాలసీ తిరగేసే ఓపిక లేదు. ఈ చిన్న ప్రశ్నకు బాట్ రెండు రకాలుగా తప్పు చేయగలదు. ఒకటి, ఇంకెవరిదో ఆఫర్ లెటర్‌లోని పేరా ఎత్తి చూపించడం, దాని కిందే ఆయన జీతం కూడా ఉండటం. రెండోది, పాలసీ అందరికీ తెరిచే ఉన్నా "దీని గురించి సమాచారం దొరకలేదు" అని చేతులెత్తేయడం. మొదటిది జరిగితే గొడవవుతుంది, అందరికీ తెలుస్తుంది. రెండోది రోజూ జరుగుతున్నా ఎవరూ ఫిర్యాదు చేయరు, బాట్ పనికిరాదని వాడటం మానేస్తారంతే. చూడటానికి ఈ రెండు తప్పులకూ పొంతన లేదు. కానీ రెండూ పుట్టేది ఒక్క చోటే. ఎవరు ఏది చదవొచ్చో చూసే పనిని వెతుకులాటలో ఏ దశలో పెట్టారన్న దాని మీదే రెండూ ఆధారపడతాయి.

ఇలాంటి బాట్ పని చేసే తీరు పెద్ద రహస్యమేమీ కాదు. కంపెనీ షేర్‌పాయింట్‌లోనో, డ్రైవ్‌లోనో, వికీలోనో ఉన్న ఫైళ్లన్నిటినీ, మనిషిది కాకుండా ప్రోగ్రామ్ పేరు మీద ఉండే ఒక సర్వీస్ అకౌంట్ చదువుతుంది. ఒక్కో ఫైలును రెండు మూడు పేరాల ముక్కలుగా కోస్తారు. ప్రతి ముక్క అర్థాన్నీ కొన్ని వందల లేదా వేల అంకెల వరుసగా మార్చి ఒక టేబుల్‌లో దాస్తారు. ఆ వరుసనే ఎంబెడింగ్ అంటారు. ఉద్యోగి ప్రశ్న అడిగితే ఆ ప్రశ్నను కూడా అలాగే అంకెలుగా మార్చి, దానికి దగ్గరగా ఉన్న ఏడెనిమిది ముక్కలు తీసి భాషా మోడల్ ముందు పెట్టి "ఇవి చూసి జవాబు చెప్పు" అంటారు. 2020లో వచ్చిన ఒక పరిశోధన పత్రం ఈ పద్ధతికి రాగ్ అనే పేరు తెచ్చింది.

చిక్కంతా ఆ మొదటి మెట్టులోనే ఉంది. ఫైళ్లన్నీ చదవాలి కాబట్టి సర్వీస్ అకౌంట్‌కి అన్ని ఫోల్డర్లలోకీ అనుమతి ఇస్తారు. అది హెచ్ఆర్ ఫోల్డర్ తెరిచి, ఆఫర్ లెటర్ చదివి, ముక్కలు చేసి టేబుల్‌లో పడేస్తుంది. ఫైలు మీద "హెచ్ఆర్ వాళ్లే చూడాలి" అని ఉన్న తాళం ఫైలుతోనే ఉండిపోతుంది. ముక్కతో పాటు రాదు. బీరువాకు తాళం వేసే ఉంది, లోపలి కాగితాల జిరాక్స్ మాత్రం బయట బల్ల మీదుంది.

ఈ జబ్బు భాషా మోడళ్లతో వచ్చింది కాదు. నార్మ్ హార్డీ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు 1988లో ఇలాంటిదే ఒక ముచ్చట రాశాడు. తన లెక్కలు రాసుకోవడానికి ఒక కంపైలర్‌కు సిస్టమ్ డైరెక్టరీలో రాసే హక్కు ఉంది. దాన్ని వాడుకునే మనిషి ఫలితం రాయాల్సిన ఫైలు పేరు దగ్గర, అదే డైరెక్టరీలో ఉన్న బిల్లింగ్ ఫైలు పేరు ఇచ్చాడు. ఆ ఫైలును ముట్టుకునే హక్కు అతనికి లేదు, కంపైలర్‌కు ఉంది. కంపైలర్ తన హక్కు వాడి బిల్లులన్నీ చెరిపేసింది. అడిగినవాడి హక్కు ఏదో, చేసేవాడి హక్కు ఏదో తెలియని గుమాస్తా అన్నమాట. ఆఫీసు చాట్‌బాట్ సరిగ్గా ఆ గుమాస్తానే.

చాలా చోట్ల మొదట చేసే చికిత్స, మోడల్‌కు ఇచ్చే సూచనల్లో "జీతాల వివరాలు హెచ్ఆర్ వాళ్లకు తప్ప ఎవరికీ చెప్పకు" అని ఒక వాక్యం రాయడం. ఇది తాళం కాదు, తలుపు మీద అతికించిన చీటీ. ముక్క ఒకసారి మోడల్ ముందుకు వచ్చిందంటే అది బయటపడినట్టే లెక్క వేసుకోవాలి. నేరుగా అడిగితే చెప్పకపోవచ్చు. "ఈ కాగితాల సారాంశం టేబుల్‌గా ఇవ్వు" అంటే చెప్పొచ్చు. ఇవాళ చెప్పనిది మోడల్ వెర్షన్ మారాక రేపు చెప్పొచ్చు. ఇంకొందరు మాటల జాబితా పెడతారు. ప్రశ్నలో `salary`, `CTC`, `appraisal` లాంటి మాట ఉంటే ఆపేయాలని. హైదరాబాద్ ఆఫీసులో ఆ జాబితా మధ్యాహ్నం దాకా కూడా నిలవదు, ఎందుకంటే ఇక్కడి వాళ్లు అడిగేది `maa manager jeetham entha` అని, లేదంటే `eesari hike entha padindi` అని. ఎంబెడింగ్ మోడల్ బహుభాషలది అయితే ఆ ప్రశ్నను సరిగ్గా జీతాల ముక్క దగ్గరికే తీసుకెళ్తుంది. ఆపాల్సిన జాబితాకు మాత్రం అందులో ఒక్క మాటా తెలియదు.

కాబట్టి అడ్డు పెట్టాల్సింది మోడల్ దగ్గర కాదు, దానికంటే ముందు, ముక్కలు తీసే దగ్గర. ప్రతి ముక్క పక్కన "దీన్ని ఏ గ్రూపుల వాళ్లు చదవొచ్చు" అనే జాబితా కూడా దాచాలి. ప్రశ్న వచ్చినప్పుడు అడిగిన మనిషి ఏయే గ్రూపుల్లో ఉన్నాడో తెలుసుకుని, ఆ రెండు జాబితాల్లో కనీసం ఒక్క పేరైనా కలిసే ముక్కలనే వెతకాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఎంబెడింగ్‌లు దాచి వెతికే `pgvector` ఎక్స్‌టెన్షన్ వాడే వాళ్లకు అది ఇంతే:

```sql
SELECT doc_id, body
FROM chunks
WHERE allow && :my_groups
ORDER BY emb <=> :q
LIMIT 8;
```

`&&` అంటే రెండు జాబితాలకూ ఉమ్మడి పేరు ఉందా అని. `<=>` అంటే రెండు అంకెల వరుసల మధ్య దూరం. చదివితే ఏ లోపమూ కనిపించదు. చదవకూడనిది ఒక్క ముక్క కూడా బయటకు రాదు, అది నిజమే. కానీ మెట్రో దిగిన మనిషికి "సమాచారం దొరకలేదు" అని చెప్పేది కూడా ఈ కోడే. అదెలాగో చూడాలంటే అంకెలు వేసుకుని నడవాలి.

కంపెనీ టేబుల్‌లో 4,00,000 ముక్కలు ఉన్నాయనుకుందాం. హెచ్ఆర్ ఫోల్డర్‌లో 6,000 ఆఫర్ లెటర్లు ఉన్నాయి. ప్రతి లెటర్‌లోనూ నోటీస్ పీరియడ్ గురించి దాదాపు ఒకే మాటలతో ఒక పేరా ఉంటుంది, "మీరు ఉద్యోగం వదలదలిస్తే 60 రోజుల ముందు తెలియజేయాలి" అని. అందరికీ తెరిచి ఉన్న పాలసీలో అదే సంగతి ఒకే ఒక్క ముక్కలో ఉంది, అదీ సెలవులు, ఫైనల్ సెటిల్‌మెంట్ లాంటి వాటితో కలిసి. ప్రశ్నకు అర్థంలో ఏది దగ్గర? సూటిగా నోటీస్ పీరియడ్ గురించే మాట్లాడే ఆ 6,000 పేరాలు. పాలసీ ముక్క వాటన్నిటి వెనకాల ఎక్కడో ఉంటుంది.

లక్షల ముక్కలతో ఒక్కొక్కటిగా దూరం కొలవడం ఆలస్యమని హెచ్ఎన్ఎస్‌డబ్ల్యూ అనే ఇండెక్స్ పెట్టుకుంటారు. ముక్కల మధ్య దారులు గీసిన పటం లాంటిది అది. ప్రశ్నకు దగ్గరగా ఉన్న వీధిలోకి గబగబా తీసుకెళ్లి, అక్కడ దొరికిన వాటిని ఇచ్చేస్తుంది. ఒక్కసారికి ఎన్నింటిని పట్టుకొస్తుందన్నది `hnsw.ef_search` అనే సెట్టింగ్ చెబుతుంది, మామూలుగా అది 40. అసలు కిటుకు ఇక్కడుంది. మామూలు సెట్టింగుల్లో ఇండెక్స్ ముందు ఆ 40 ముక్కల్ని తెస్తుంది, `WHERE` షరతు ఆ తర్వాత వాటి మీద పడుతుంది. మన ఉదాహరణలో 40కి 40 ఆఫర్ లెటర్లే. అడిగిన వాడు హెచ్ఆర్ కాదు. నలభైనీ తీసేస్తే మిగిలేది సున్నా. `LIMIT 8` అన్నారు కదా అని డేటాబేస్ మళ్లీ వెతకదు. మోడల్ చేతికి ఖాళీ కాగితం వస్తుంది, అది నిజాయితీగా తెలియదంటుంది.

ఇది పసిగట్టడం కష్టమేమీ కాదు, చూడాలన్న ఆలోచన రావాలంతే. అదే క్వెరీని `EXPLAIN ANALYZE` తగిలించి నడిపితే కింద ఒక వరుస కనిపిస్తుంది:

```
Rows Removed by Filter: 40
```

తెచ్చినవన్నీ వడపోతలోనే పోయాయని దాని అర్థం. అన్ని ప్రశ్నలకూ "ఎన్ని తెచ్చాం, ఎన్ని మిగిలాయి" అనే రెండు అంకెలు రాసిపెట్టుకుంటే, బాట్ తెలియదన్న ప్రశ్నల్లో నిజంగా సమాచారం లేనివి ఏవో, వడపోత మింగేసినవి ఏవో విడిగా తెలిసిపోతాయి. ఇది చూసుకోకుండా "బాట్ సరిగ్గా జవాబివ్వట్లేదు, ఆ ఫిల్టర్ కొన్నాళ్లు తీసి చూద్దాం" అనుకునే రోజు వస్తుంది. రెండో తప్పును సరిదిద్దబోయి మొదటి తప్పులో పడటమంటే ఇదే.

మందు ఒకటి కాదు, రెండు మూడున్నాయి. `pgvector` 0.8.0 నుంచి ఇండెక్స్‌ను "మిగిలినవి చాలకపోతే ఇంకాస్త ముందుకెళ్లి వెతుకు" అనవచ్చు. `SET hnsw.iterative_scan = strict_order;` అంటే చాలు. కావాల్సిన ఎనిమిది దొరికేదాకా, లేదా సుమారు 20,000 ముక్కలు చూసేదాకా అది నడుస్తుంది. మన 6,000 లెటర్లు దాటి పాలసీ ముక్కను అందుకుంటుంది, కాస్త ఆలస్యమవుతుందంతే. ఆఫర్ లెటర్లు 30,000 ఉన్న కంపెనీలో ఆ పరిమితి కూడా చాలదు. క్వాడ్రంట్ లాంటి కొన్ని డేటాబేస్‌లు పటంలో నడిచేటప్పుడే అనుమతి చూస్తూ నడిచేలా కట్టారు. అడిగిన మనిషి చూడగలిగే ముక్కలు మొత్తం కొన్ని వేలే అయితే ఇండెక్స్‌ను పక్కన పెట్టి వాటన్నిటితోనూ దూరం కొలవడమే మేలు. కంప్యూటర్‌కు అది క్షణంలో పని, ఒక్కటీ తప్పిపోదు.

వీటన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. ఆఫర్ లెటర్లు అసలు ఈ టేబుల్‌లోకి ఎందుకొచ్చాయి? తన లెటర్ తను చూసుకోవాలనుకునే ఉద్యోగికి అర్థంలో దగ్గరగా ఉన్నది వెతికి పెట్టనక్కర్లేదు. ఉద్యోగి నంబర్‌తో హెచ్ఆర్ సిస్టమ్‌లో నేరుగా ఆ ఒక్క లెటర్ తీయొచ్చు. ఒక్కో మనిషికి ఒక్కోటి చొప్పున ఉండే కాగితాలు, అంటే ఆఫర్ లెటర్లు, పే స్లిప్పులు, అప్రైజల్ ఫారాలు వెతుకులాట టేబుల్‌కు బయటే ఉంటే పైన చెప్పిన తిప్పల్లో సగం పుట్టనే పుట్టవు. "డ్రైవ్ మొత్తం ఎక్కించేద్దాం, బాట్‌కి అంతా తెలియాలి" అన్న ఉత్సాహమే ఇక్కడ ఎక్కువ నష్టం చేస్తుంది.

ఇప్పుడు ఆ `:my_groups` సంగతి. క్వెరీ ఎంత బాగున్నా, అడిగిన మనిషి ఏ గ్రూపుల్లో ఉన్నాడన్న జాబితా తప్పయితే అంతా తప్పే. ఇది చాట్ పెట్టెలో మనిషి చెప్పుకున్నది కాకూడదు, మోడల్ ఊహించింది అసలే కాకూడదు. లాగిన్ అయినప్పుడు వచ్చే టోకెన్‌లోంచి రావాలి. లాగిన్లకు మైక్రోసాఫ్ట్ ఎంట్రా వాడే కంపెనీల్లో ఆ టోకెన్‌లో గ్రూపుల జాబితా వచ్చేలా పెట్టుకోవచ్చు. కానీ దానికో హద్దుంది. మనిషి 200 కంటే ఎక్కువ గ్రూపుల్లో ఉంటే, గ్రూపు లోపలి గ్రూపులతో కలిపి, టోకెన్‌లో జాబితా రాదు. బదులుగా "గ్రూపులు ఎక్కువున్నాయి, వెళ్లి డైరెక్టరీని అడుగు" అనే సూచన మాత్రం వస్తుంది. ఆ సంగతి తెలియని కోడ్ ఒకటి చూడండి:

```python
q = base_query
if groups:
    q = q.where(allow_overlap(groups))
return run(q)
```

రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే. గ్రూపులు ఉంటే వడపోత పెట్టు అన్నారు. జాబితా ఖాళీగా వస్తే? వడపోతే ఉండదు, నాలుగు లక్షల ముక్కలూ తెరుచుకుంటాయి. దీన్ని టెస్టింగ్‌లో ఎందుకు పట్టుకోలేరంటే, టెస్ట్ కోసం చేసిన అకౌంట్లు రెండు మూడు గ్రూపుల్లోనే ఉంటాయి. 200 దాటేది పదేళ్ల నుంచి అదే కంపెనీలో ఉండి, నాలుగైదు ప్రాజెక్టులు మారి, ప్రతి చోటా ఓ గ్రూపు తగిలించుకుంటూ వచ్చిన సీనియర్లు. వాళ్లకేమో ఎక్కువ కనిపిస్తే వింతగా అనిపించదు, తమకు ఆ హక్కు ఉందనే అనుకుంటారు. సరైన కోడ్‌లో `if` ఉండదు. జాబితా రాకపోతే డైరెక్టరీని అడగాలి, అక్కడా రాకపోతే ఖాళీ జాబితాతోనే వడపోయాలి. ఖాళీ జాబితాతో ఏదీ కలవదు, ఏ ముక్కా రాదు. ఆ ఉద్యోగి ఐటీ హెల్ప్‌డెస్క్‌కు టికెట్ పెడతాడు, సమస్య అలా బయటపడుతుంది.

ఈ వడపోతను ప్రోగ్రామర్ గుర్తుపెట్టుకుని ప్రతి క్వెరీలో రాయడం కంటే డేటాబేస్‌కే అప్పగించడం నయం. పోస్ట్‌గ్రెస్‌లో 9.5 వెర్షన్ నుంచి వరుస వరుసకూ కాపలా పెట్టే సదుపాయం ఉంది, ఆ టేబుల్‌ను ఎవరు ఎలా అడిగినా షరతు దానంతటదే తగులుతుంది. ఒక్క మెలిక మాత్రం ఉంది. టేబుల్ యజమానికి ఆ కాపలా వర్తించదు. బాట్ అదే యజమాని పేరుతో డేటాబేస్‌లోకి వెళ్తుంటే కాపలా పెట్టామన్న తృప్తి తప్ప ఏమీ ఉండదు. బాట్‌కు వేరే యూజర్ చేయాలి, లేదా `FORCE ROW LEVEL SECURITY` అని టేబుల్ మీద రాయాలి.

అనుమతులు సరిగ్గా కాపీ చేశాం, గ్రూపులు సరిగ్గా తెస్తున్నాం. అయినా కాపీ కాపీయే. సోమవారం ఉదయం ఒక ఫోల్డర్ అందరికీ కనిపిస్తోంది. పదకొండింటికి ఎవరో గమనించి దాన్ని ఫైనాన్స్ వాళ్లకు మాత్రమే పరిమితం చేశారు. షేర్‌పాయింట్‌లో మూత పడింది. బాట్ టేబుల్‌లో ఆ ఫోల్డర్ ముక్కల పక్కన పాత జాబితానే ఉంది. రాత్రి నడిచే జాబ్ దాన్ని సరిచేస్తుందనుకుంటాం. కానీ ఆ జాబ్ "నిన్నటి నుంచి మారిన ఫైళ్లు" అని తేదీ చూసి తెచ్చుకునే రకం అయితే సరిచేయదు. ఫైలు లోపలి మాట మారితే మార్పు తేదీ మారుతుంది, అనుమతి మారినందువల్ల మారదు. పై ఫోల్డర్‌లో ఒక్క టిక్కు తీస్తే కింద వేల ఫైళ్ల అనుమతి మారిపోతుంది, ఒక్క ఫైలు తేదీ కూడా కదలదు. నెలలు గడిచినా బాట్ ఆ పాత జాబితాతోనే జవాబులు ఇస్తూ ఉండొచ్చు. షేర్‌పాయింట్‌ను ప్రోగ్రామ్ నుంచి అడిగే మైక్రోసాఫ్ట్ గ్రాఫ్ ఏపీఐలో మార్పుల జాబితా అడిగేటప్పుడు అనుమతుల మార్పులు కూడా కావాలని ప్రత్యేకంగా `Prefer: deltashowsharingchanges` అనే హెడర్ పెట్టాలి. అడక్కపోతే ఇవ్వదు.

గూగుల్ తన సొంత సేవల కోసం కట్టుకున్న జాంజిబార్ అనే అనుమతుల వ్యవస్థ గురించి 2019లో ఒక పత్రం ప్రచురించింది. కొత్త రాతకు పాత అనుమతి తగలడం అనే ఈ ప్రమాదానికి అందులో "కొత్త శత్రువు సమస్య" అనే అర్థం వచ్చే పేరుంది. నిన్నటిదాకా మనవాడే, ఇవాళ తీసేశాం, తీసేశాక రాసిన మాట కూడా వాడికి కనిపిస్తోంది. అక్కడ దానికి చాలా పెద్ద యంత్రాంగమే కట్టారు. ఒక ఆఫీసు బాట్‌కు అంత అక్కర్లేదు, చివర్లో ఇంకొక్కసారి అడిగితే సరిపోతుంది.

అంటే అడ్డు రెండు చోట్ల. మొదటిది టేబుల్‌లోని కాపీ జాబితాతో వడపోయడం. దాని పని పనికొచ్చే ముక్కలు దొరికేలా చూడటం. రెండోది, దొరికిన వాటిని మోడల్‌కు ఇచ్చే ముందు అసలు బీరువా దగ్గరికే వెళ్లి "ఈ మనిషి ఈ ఫైలు ఇప్పుడు తెరవగలడా" అని అడగడం. ఎనిమిది ముక్కలు సాధారణంగా నాలుగైదు ఫైళ్లలోవి, కాబట్టి నాలుగైదు ప్రశ్నలే, అన్నీ ఒకేసారి పంపొచ్చు. కొన్ని రాలిపోతాయి కాబట్టి మొదట ఎనిమిది బదులు ఇరవై తెచ్చుకుంటే సరి. ఈ రెండో ప్రశ్నను బాట్ సర్వీస్ అకౌంట్ పేరు మీద కాక ఉద్యోగి పేరు మీద అడగాలి, లేకపోతే ప్రతిసారీ "తెరవగలడు" అనే వస్తుంది. రెండో తనిఖీలో రోజుకు ఎన్ని ముక్కలు రాలాయో లెక్కపెడితే కాపీ ఎంత పాతబడిందో చెప్పే అంకె అదే అవుతుంది. అది మామూలుగా సున్నాకు దగ్గరగా ఉండాలి. ఒక రోజు హఠాత్తుగా పెరిగితే ఎక్కడో పెద్ద ఫోల్డర్ అనుమతి మారి, జాబ్ దాన్ని అందుకోలేదన్నమాట. అయితే అసలు సిస్టమ్ డౌన్ అయితే బాట్ కూడా ఆగాల్సిందే. ఆ సౌకర్యం వదులుకోవడానికి కొందరు ఒప్పుకోరు. అలాంటప్పుడు కనీసం హెచ్ఆర్, ఫైనాన్స్, లీగల్ ఫోల్డర్లకైనా ఈ తనిఖీ తప్పనిసరి చేసి మిగతా వాటికి వదిలేయొచ్చు.

ముందు తలుపు ఇంత కట్టుదిట్టం చేశాక పక్క కిటికీలు గుర్తుకు రావాలి. ఖర్చు తగ్గించడానికి ఒకరి ప్రశ్నకు వచ్చిన జవాబును దాచి, అలాంటి ప్రశ్నే ఇంకొకరు అడిగితే అదే తీసి ఇచ్చే అలవాటుంది. పొద్దున మేనేజర్ "మా టీమ్‌కి ఈసారి బోనస్ ఎంత" అని అడిగితే జవాబు కాష్‌లో చేరింది. మధ్యాహ్నం అదే టీమ్ కుర్రాడు అదే మాట అడిగితే వెతుకులాట జరగనే జరగదు, వడపోత నడవనే నడవదు, మేనేజర్ జవాబు నేరుగా వచ్చేస్తుంది. కాష్ తాళపుచెవిలో ప్రశ్నతో పాటు అడిగిన వాడి గ్రూపుల జాబితా కూడా కలిపితే ఇది పోతుంది. కాష్ తక్కువసార్లు పనికొస్తుంది, ఆ నష్టం భరించాల్సిందే. టీమ్స్ గ్రూపులో పెట్టిన బాట్‌ది ఇంకో తరహా. అడిగింది మేనేజర్, చూసేది గ్రూపులోని పద్నాలుగు మంది. అక్కడ జవాబు అడిగినవాడికి విడిగా పంపాలి, లేదా గ్రూపులో అందరూ చూడగలిగే ముక్కలతోనే చెప్పాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా బాట్ బయటపెట్టేవి కొన్ని ఉంటాయి, తప్పు బాట్‌ది కాకుండానే. షేర్‌పాయింట్‌లో `Everyone except external users` అనే ఒక తయారు గ్రూపు ఉంటుంది. ఎవరో ఎప్పుడో తొందరలో, "లింక్ తెరుచుకోవట్లేదు" అని ఫోన్ వస్తే, ఆ గ్రూపుకు ఫోల్డర్ ఇచ్చేసి ఉంటారు. అందులో కొత్తగా చేరిన వాళ్ల ఆధార్, పాన్ కాపీలు ఉండొచ్చు. ఆ ఫోల్డర్ దారి ఎవరికీ తెలియదు కాబట్టి ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదు. బాట్‌కు దారులు తెలియనక్కర్లేదు, అడగగానే వెతికి తెస్తుంది. వడపోత ప్రకారం అది తప్పు కూడా కాదు. చట్టం ముందు మాత్రం కంపెనీదే బాధ్యత. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, తగిన భద్రత పెట్టక డేటా బయటపడితే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. ఆ అందరి గ్రూపు మన టేబుల్‌లో `all-staff` అనే పేరుతో ఉందనుకుంటే, బాట్‌ను అందరికీ తెరిచే ముందు టేబుల్‌నే ఇలా ఒక మాట అడిగితే ఈ పాత పొరపాట్లలో చాలా వరకు బయటికొస్తాయి:

```sql
SELECT path, count(*)
FROM chunks
WHERE allow @> ARRAY['all-staff']
  AND path ~* 'salary|payroll|aadhaar|appraisal'
GROUP BY path;
```

ఈ జాబితాను ఐటీ వాళ్లు ఒక్కళ్లే చూసి తేల్చలేరు. ఏ ఫోల్డర్ నిజంగా అందరిదో హెచ్ఆర్ వాళ్లు పక్కన కూర్చుని చెప్పాలి. `salary` అనే పేరున్న ఫోల్డర్‌లో జీతం ఎలా లెక్కిస్తారో చెప్పే మామూలు గైడ్ ఉండొచ్చు, `misc_old` అనే దాంట్లో అసలు జీతాల షీట్ ఉండొచ్చు. ఈ క్వెరీ పేర్లు చూస్తుంది, లోపలి మాట చూడదు.

పరీక్షించడానికి బాగా పనికొచ్చే పద్ధతి ఎర వేయడం. తాళం ఉన్న ప్రతి పెద్ద ఫోల్డర్‌లో ఒక ఉత్తుత్తి ఫైలు పెట్టి, అందులో ఎక్కడా లేని మాట ఒకటి రాయాలి, "గోంగూర 7731 బోనస్ పథకం" లాంటిది. ఆ ఫోల్డర్‌లోకి హక్కు లేని టెస్ట్ అకౌంట్‌తో ప్రతి రాత్రీ దాని గురించి అడగాలి. వాటిలో ఒక అకౌంట్‌కు కావాలనే 200 దాటి గ్రూపులు తగిలించాలి. ఫలితం చూసేటప్పుడు బాట్ జవాబులో ఆ మాట వచ్చిందా అని చూస్తే సరిపోదు. మోడల్ ఆ ముక్కను చూసి కూడా దాని గురించి మాట్లాడకుండా ఉండొచ్చు, రేపు మాట్లాడొచ్చు. చూడాల్సింది మోడల్ ముందుకు వెళ్లిన ముక్కల నంబర్లు. వాటిలో ఎర ముక్క ఉంటే జవాబు ఎంత అమాయకంగా ఉన్నా పరీక్ష ఫెయిల్ అయినట్టే. హక్కు ఉన్న అకౌంట్‌తో కూడా అదే రాత్రి అడగాలి, అక్కడ ఎర దొరక్కపోతే వడపోత ఎక్కువగా మింగేస్తోందని తెలుస్తుంది.

ఆ నంబర్లు ఎక్కడో రాసిపెట్టాలి కదా, అక్కడ ఇంకొక్క సంగతి. తప్పులు వెతకడానికి వీలుగా ఉంటుందని చాలా టీమ్‌లు నంబర్లతో ఆగకుండా ముక్క మొత్తం పాఠాన్ని, మోడల్‌కు పంపిన ప్రశ్నను, జవాబును లాగ్‌లో దాచేస్తాయి. ఆ లాగ్ తెరిచే హక్కు మాదాపూర్ ఆఫీసులో కూర్చున్న డెవలపర్లు, కాంట్రాక్టు మీద వచ్చిన టెస్టర్లు, ఇంటర్న్‌లతో సహా అందరికీ ఉంటుంది. హెచ్ఆర్ హెడ్ తన హక్కుతో అడిగి తీసుకున్న ఆరు జీతాల ముక్కలు, ఏ వడపోతా లేకుండా, ఆ లాగ్‌లో వరుసగా కనిపిస్తూ ఉంటాయి. లాగ్‌లో ఫైలు నంబరు, ముక్క నంబరు, అడిగిన సమయం ఉంటే తప్పు వెతకడానికి సాధారణంగా అవి చాలు. పాఠం కావాలంటే వెతికేవాళ్లు తమ సొంత హక్కుతో షేర్‌పాయింట్‌లో తెరిచి చూసుకోవచ్చు, తెరుచుకుంటే.